తిరిగి చెప్పే పత్రం: మనం, మేము, పిల్లలు, పిల్లులు

ఈ యూనిట్ చివర ఒక పత్రం ఉంది. అందులో ఎడమవైపు నాలుగు విషయాల పేర్లు ఉన్నాయి. మొదటిది ‘మనం, మేము’. రెండోది ‘వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాయి’. మూడోది ‘కి, కు’. నాలుగోది ‘గడి, గడ్డి’. ఒక్కో పేరు పక్కన మూడు గీతలు, ఆ చివర ఒక చిన్న ఖాళీ గడి. మీరు పుస్తకం మూసేసి, ఒక్కో విషయాన్ని ఇంకొకరికి నేర్పుతున్నట్టుగా మూడు వాక్యాల్లో రాయాలి. రాశాక చివరి గడిలో ఒక గుర్తు పెట్టాలి.

ఇది పాఠం అప్పజెప్పడం కాదు. అప్పజెప్పడం అంటే ఏమిటో మీ అమ్మనో నాన్ననో అడగండి, చెప్తారు. చిన్నప్పుడు వాళ్ళు బళ్ళో నిలబడి ఎక్కాలు, పద్యాలు ఒక్క మాట తప్పకుండా చూడకుండా చెప్పేవాళ్ళు. అందులో మాటలు పుస్తకానివి, మీవి కాదు. ఈ పత్రంలో మాటలు మీవి కావాలి. పుస్తకంలో ఉన్న వాక్యమే మీ గీత మీద కనిపిస్తే ఆ విషయం మీకు గుర్తుందని తెలుస్తుంది, అర్థమైందో లేదో తెలీదు.

మూడు వాక్యాలే ఎందుకు? ఒక్కో వాక్యానికి ఒక్కో పని ఉంది కాబట్టి. మొదటి వాక్యంలో విషయం ఏమిటో మీ మాటల్లో చెప్పాలి. రెండో వాక్యంలో ఒక ఉదాహరణ ఇవ్వాలి. అది పాఠంలోది కాకూడదు, మీ ఇంట్లోదో, మీ స్కూల్లోదో అవ్వాలి. మూడో వాక్యంలో ఆ విషయం ఎక్కడ ఆగిపోతుందో, దేనితో కలిసిపోయి తికమక పెడుతుందో చెప్పాలి. చాలామంది మొదటి రెండూ బాగానే రాసి మూడోదాని దగ్గర పెన్ను ఆపేస్తారు. అలా ఆగిన చోటే మీరు రివిజన్ మొదలుపెట్టాల్సిన చోటు.

వివరణలో తెలుగు మాట తట్టకపోతే అక్కడ ఇంగ్లీషు మాట వాడినా పరవాలేదు. ఉదాహరణ మాత్రం పూర్తిగా తెలుగులోనే ఉండాలి.

ముందుగా మనం, మేము.

న్యూజెర్సీలో ఉండే పదేళ్ళ అబ్బాయి ఒకడు ఈ పత్రం నింపుతున్నాడు అనుకుందాం. వాడు మొదటిసారి ఇలా రాశాడు:

మనం అంటే వీ. మేము అంటే కూడా వీ. రెండూ వేరు వేరు.

మూడు వాక్యాలైతే ఉన్నాయి. కానీ మొదటి రెండూ ఇంగ్లీషులోకి మార్చి చెప్పినవే. ఇంగ్లీషులో ఈ రెంటికీ ఒకటే మాట కాబట్టి, అలా మార్చగానే తేడా మాయమైపోయింది. మూడో వాక్యం తేడా ఉందని చెప్పింది, ఏమిటో చెప్పలేదు. ఉదాహరణ అసలే లేదు. అందుకని వాడు గడిలో ప్రశ్న గుర్తు పెట్టాడు. అది సరైన పనే.

ప్రశ్న గుర్తు పెట్టి వదిలేస్తే సరిపోదు. దాని కింద ఒక ప్రశ్న రాయాలి. ‘నాకు మనం, మేము అర్థం కాలేదు’ అని రాస్తే, టీచర్‌కి మళ్ళీ పాఠమంతా చెప్పడం తప్ప వేరే దారి ఉండదు. ‘మా అమ్మమ్మతో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు, మేం బీచ్‌కి వెళ్ళే సంగతి చెప్పాలంటే ఏది వాడాలి?’ అని రాస్తే జవాబు ఒక్క నిమిషంలో వస్తుంది. ఆ జవాబులోనే అసలు విషయం కూడా బయటపడుతుంది. మనిషి, చోటు, చెప్పాల్సిన మాట, ఈ మూడూ ఉన్న ప్రశ్న మంచి ప్రశ్న.

ఇక జవాబు. ఈ రెండు మాటల తేడా అంతా ఒక్క మనిషి మీద ఆధారపడి ఉంది. మీరు ఎవరితో మాట్లాడుతున్నారో ఆ మనిషి. ఆ మనిషిని కూడా కలుపుకుంటే మనం. ఆ మనిషిని కలుపుకోకుండా మీరూ మీవాళ్ళూ మాత్రమే అయితే మేము. అమ్మమ్మ తెనాలిలో ఉంది, మీరు న్యూజెర్సీలో ఉన్నారు. ‘అమ్మమ్మా, రేపు మనం బీచ్‌కి వెళ్తున్నాం’ అని ఫోన్‌లో అంటే, ఆవిడ నవ్వి ‘నేనెలా వస్తానురా ఇక్కణ్ణించి?’ అంటుంది. ఆవిడ వేళాకోళం ఆడటం లేదు. మీరు నిజంగానే ఆవిణ్ణి బీచ్‌కి పిలిచారు మరి.

దీనికి వ్యతిరేకంగా జరిగేది కొంచెం బాధగా ఉంటుంది. అమ్మమ్మ మీ ఇంటికి వచ్చి నెల రోజులు ఉంది. శనివారం పొద్దున ఆవిడ పక్కనే కూర్చుని మీరు ‘అమ్మమ్మా, ఇవాళ మేము రెస్టారెంట్‌కి వెళ్తున్నాం’ అన్నారు. ఆవిడకి వినపడింది ఏమిటంటే, ‘మేం వెళ్తున్నాం, నువ్వు ఇంట్లో ఉండు’ అని. మీ మనసులో అది లేదు. కానీ మాటలో అదే ఉంది. ఒక అక్షరం ఒత్తు తప్పు పలికితే పెద్దవాళ్ళు సర్దుకుంటారు. ఇది మాత్రం తప్పులా వినపడదు, అర్థం మారిపోయి వినపడుతుంది. అందుకే ఈ పత్రంలో దీన్ని మొదట పెట్టాం.

రెండు రోజుల తర్వాత అదే అబ్బాయి, పాత వాక్యాలు చూడకుండా, మళ్ళీ రాశాడు:

మనం అంటే నేనూ, నా మాట వింటున్న నువ్వూ కలిపి, మేము అంటే నేనూ మావాళ్ళూ, నువ్వు లేవు. ఫోన్‌లో అమ్మమ్మకి ‘రేపు మేము బీచ్‌కి వెళ్తున్నాం’ అంటాను, పక్కనున్న చెల్లితో ‘రేపు మనం బీచ్‌కి వెళ్తున్నాం’ అంటాను. ‘వెళ్దాం’ అన్నప్పుడు మాత్రం ‘మేము’ రాదు.

ఇందులో మూడో వాక్యం చూడండి. అది వాడు పాఠంలోంచి తీసుకోలేదు, విని కనిపెట్టాడు. ‘వెళ్దాం’, ‘తిందాం’, ‘ఆడుకుందాం’ అన్నప్పుడు ఎదుటి మనిషిని రమ్మని పిలుస్తున్నాం. పిలుస్తూనే బయట పెట్టడం కుదరదు కదా. అందుకే ‘మనం వెళ్దాం’ ఉంది, ‘మేము వెళ్దాం’ లేదు. మీకు ఎప్పుడైనా అనుమానం వస్తే ఇదే పరీక్ష చేసుకోండి. మీరు చెప్పబోయే వాక్యాన్ని ‘దాం’తో చెప్పి చూడండి. ఆ పిలుపు మీ ఎదుటి మనిషికి వర్తిస్తుందా? వర్తిస్తే మనం, లేకపోతే మేము.

ఈ పరీక్ష ఎందుకు అవసరమంటే, క్రియని చూసి తేడా చెప్పలేం. ‘మేము వెళ్తున్నాం’, ‘మనం వెళ్తున్నాం’, రెండు చోట్లా క్రియ ఒకటే. ముందున్న మాట వదిలేసి ఉత్తినే ‘వెళ్తున్నాం’ అంటే, ఎవరెవరో వినేవాళ్ళే ఊహించుకోవాలి.

ఒక చిక్కు సందర్భం కూడా ఉంది. మీరు అమ్మమ్మతో వీడియో కాల్‌లో ఉన్నారు, అమ్మ మీ పక్కనే కూర్చుని అంతా వింటోంది. అమ్మ కూడా బీచ్‌కి వస్తుంది. ఇప్పుడు ఏమంటారు? మీ మాట ఎవరి కోసమో అదే చూడాలి. అమ్మమ్మతో చెప్తున్నంతసేపూ ‘మేము’. అమ్మ వైపు తిరిగి ‘ఎన్నింటికి బయల్దేరదాం?’ అన్నారంటే అక్కడ ‘మనం’. చెవిన పడేవాళ్ళందరూ లెక్కలోకి రారు, మీరు ఎవరితో మాట్లాడుతున్నారో వాళ్ళే వస్తారు.

మలేషియాలో ఉన్న పిల్లలకి ఇదంతా చెప్పనక్కర్లేదు. మలయ్ భాషలో ‘కిత’ అంటే మనం, ‘కామి’ అంటే మేము. వాళ్ళు స్కూల్లో ఈ తేడా రోజూ వాడుతూనే ఉంటారు. తమిళం మాట్లాడే స్నేహితులు ఉంటే వాళ్ళని అడగండి, వాళ్ళకి ‘నామ్’, ‘నాంగళ్’ ఉన్నాయి. మొదటిది మన ‘మనం’ లాంటిది, రెండోది ‘మేము’ లాంటిది. కష్టం ఎక్కువగా ఇంగ్లీషు, హిందీ, ఫ్రెంచి లాంటి భాషల్లోంచి వచ్చేవాళ్ళకే, ఎందుకంటే ఆ భాషల్లో రెంటికీ ఒకే మాట.

ఈ విషయానికి ఒక తోక ఉంది, అదే మా, మన. చాలామంది ‘నా అమ్మ’, ‘నా ఇల్లు’ అంటారు. అర్థమవుతుంది, కానీ తెలుగులో మామూలుగా ‘మా అమ్మ’, ‘మా ఇల్లు’, ‘మా ఊరు’ అంటాం. అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ లేని ఒక్క పిల్లాడు కూడా ‘మా అమ్మ’ అనే అంటాడు. పెన్ను, బ్యాగు, పేరు ‘నా’వి, ఇల్లూ, ఊరూ, అమ్మా ‘మా’వి. మరి మీ చెల్లితో మాట్లాడేటప్పుడు? ‘మా ఇల్లు’ అనకూడదు, ‘మన ఇల్లు’ అనాలి. తనకీ అదే ఇల్లు కదా. దుబాయ్‌లోనో లండన్‌లోనో షాపులో ఎవరో కొత్తవాళ్ళు మీ నాన్న మాట విని దగ్గరికి వచ్చి ‘మన తెలుగువాళ్ళేనా?’ అని అడగడం మీరు చూసే ఉంటారు. పేరు కూడా తెలియకముందే ఆ ‘మన’తో మిమ్మల్ని తమలో కలిపేసుకున్నారు.

ఇప్పుడు రెండో విషయం. ఇందులో జరిగే పొరపాటు వేరే రకం. మొదటి అబ్బాయికి తెలీదని తనకి తెలుసు. ఇక్కడ తెలీదని కూడా తెలీదు.

ఇంగ్లండులో ఉండే పన్నెండేళ్ళ అమ్మాయి ఇలా రాసి, పక్కన ధైర్యంగా టిక్కు పెట్టింది అనుకుందాం:

మగవాళ్ళకి చివర ‘డు’ వస్తుంది, మిగతా అందరికీ అన్నిటికీ ‘ది’ వస్తుంది. తమ్ముడు వచ్చాడు, అక్క వచ్చింది, మా పిల్లి వచ్చింది. ఎక్కువమంది వస్తే మగవాళ్ళకి ‘రు’, మిగతా అందరికీ ‘యి’: తమ్ముళ్ళు వచ్చారు, అక్కలు వచ్చాయి.

మొదటి వాక్యం సరైనదే. రెండోది కూడా అంతే. తెలుగులో ఒక్కరి గురించి చెప్పేటప్పుడు అక్కకీ, పిల్లికీ, బస్సుకీ క్రియ ఒకటే: వచ్చింది. ఆ అమ్మాయి మూడో వాక్యంలో అదే గీతని ముందుకు లాగింది. అలా లాగడం తెలివైన పనే, కానీ భాష అక్కడ గీతని జరిపేసింది. ఎక్కువమంది అయినప్పుడు ఆడవాళ్ళు మగవాళ్ళతో కలుస్తారు, జంతువులూ వస్తువులూ విడిగా ఉండిపోతాయి. తమ్ముళ్ళు వచ్చారు, అక్కలు వచ్చారు. పిల్లులు వచ్చాయి, బస్సులు వచ్చాయి. ‘అక్కలు వచ్చాయి’ అంటే అక్కల్ని పిల్లుల్లో కలిపినట్టే.

దీన్ని గుర్తుపెట్టుకోవడానికి నాకు బాగా నచ్చిన జంట ఒకటి ఉంది: ‘పిల్లలు ఆడుకుంటున్నారు’, ‘పిల్లులు ఆడుకుంటున్నాయి’. రాసేటప్పుడు మొదటి మాటలో ఒక్క కొమ్మే తేడా. గబగబా చెప్తే ఆ తేడా వినపడకపోవచ్చు కూడా. అయినా సందేహం రాదు, ఎందుకంటే పెరట్లో ఎవరు ఆడుకుంటున్నారో చివరి మాట చెప్పేస్తుంది.

మరి టిక్కు పెట్టేసిన ఆ తప్పు ఎలా బయటపడాలి? ఆ అమ్మాయి తనంతట తను ఎన్నిసార్లు చదువుకున్నా పట్టుకోలేదు, ఎందుకంటే వాక్యాలు ఒకదానికొకటి సరిపోయాయి. అందుకే ఈ పత్రానికి ఒక నియమం పెట్టాం. రాసిన ఉదాహరణని తెలుగు బాగా వచ్చినవాళ్ళెవరికైనా పైకి చదివి వినిపించాకే టిక్కు పెట్టాలి. వినిపించేదాకా ఆ గడిలో ఒక చుక్క మాత్రం పెట్టుకోండి.

వినిపించేటప్పుడు ఎలా అడుగుతారన్నది ముఖ్యం. ‘అక్కలు వచ్చారు అని ఎందుకు అంటాం, రూల్ ఏమిటి?’ అని తాతయ్యని అడిగితే ఆయన కాసేపు ఆలోచించి ‘అలాగే అంటాంరా, అంతే’ అంటారు. ఆయనకి తెలీక కాదు. మీకు ఇంగ్లీషు వస్తుంది కానీ, ఎక్కడ ఏ రూల్ వాడుతున్నారో అడిగితే మీరూ అదే చెప్తారు. తాతయ్యని రూల్ అడక్కండి, రెండు వాక్యాలు చెప్పి ‘మీరైతే ఏది అంటారు?’ అని అడగండి. ‘అక్కలు వచ్చాయా, అక్కలు వచ్చారా?’ అంటే ఆయన ఒక్క క్షణం కూడా తడుముకోరు. రూల్ ఏమిటో ఆ జవాబుల్లోంచి మీరు తీయండి. ఆ పని మీది, మొదటి గీత మీద రాయాల్సింది అదే.

ఈ విషయంలోనే ఇంకో రెండు సంగతులున్నాయి. ఇంట్లో కుక్క ఉన్నవాళ్ళు ‘మా కుక్క వచ్చాడు’ అంటుంటారు. ఇంగ్లీషులో పెంపుడు కుక్కని మనిషిలాగే పిలుస్తారు కాబట్టి అది తెలుగులోకి జారిపోతుంది. తెలుగులో మగ కుక్కయినా ‘వచ్చింది’. అయితే ముద్దుగా ‘మావాడు’ అని పిలిచినప్పుడు మాత్రం ‘మావాడు పడుకున్నాడు’ అంటాం. అక్కడ క్రియ ‘వాడు’ అన్న మాటని బట్టి వచ్చింది, కుక్కని బట్టి కాదు. రెండోది మర్యాద. తాతగారు ఒక్కరే వచ్చినా ‘వచ్చారు’ అంటాం, టీచర్ గారు ఒక్కరే అయినా అంతే. కాబట్టి ‘రు’ కనిపించిన ప్రతిచోటా ఎక్కువమంది ఉన్నట్టు కాదు.

మరి నాన్న? ‘నాన్న వచ్చాడు’ అనే ఇళ్ళున్నాయి, ‘నాన్న వచ్చారు’ అనే ఇళ్ళున్నాయి. రెండూ తెలుగిళ్ళే. ఇక్కడ టిక్కూ సరిపోదు, ప్రశ్న గుర్తూ సరిపోదు. అందుకని పత్రంలో మూడో గుర్తు ఒకటి ఉంది, చిన్న ఇల్లు బొమ్మ. ‘నాకు అర్థమైంది, కానీ మా ఇంట్లో పుస్తకంలోలాగా అనరు’ అని దాని అర్థం.

ఇల్లు గుర్తు ఎక్కువగా మూడో విషయం దగ్గర పడుతుంది. పుస్తకంలో చెప్పిన పద్ధతి ఇది: మాట చివర ఇ లేదా ఈ ఉంటే ‘కి’, లేకపోతే ‘కు’. బడికి, చెల్లికి, అమ్మకు, పాపకు. కానీ మీ ఇంట్లో ‘అమ్మకి చెప్పు’, ‘పాపకి పెట్టు’ అని వినే ఉంటారు. ఈ పాఠంలోనే నేను ‘అమ్మమ్మకి’ అని రాశాను, పైకి వెళ్ళి చూసుకోండి. మాట్లాడే తెలుగులో ‘కి’ చాలా చోట్ల ‘కు’ స్థానంలోకి వచ్చేసింది. దాన్ని తప్పని కొట్టేయక్కర్లేదు, ఇల్లు బొమ్మ వేసి రెండు రూపాలూ పక్కపక్కన రాసుకోండి. మీ ఇంటి మాట తప్పు అనుకుని ప్రశ్న గుర్తు పెడితే, అర్థమైన విషయాన్నే మళ్ళీ మళ్ళీ చదువుతూ కూర్చుంటారు.

ఇందులో మూడో వాక్యానికి పనికొచ్చే మంచి సంగతి ఒకటుంది. ‘నీ’, ‘మీ’ చివర ఈ ఉంది, పద్ధతి ప్రకారం ‘నీకి’, ‘మీకి’ అవ్వాలి. పుస్తకంలో అలా ఉండదు. ‘నీకు’, ‘మీకు’ అనే ఉంటుంది. ఇక ‘ఊరు’ చివర ఉ ఉన్నా ‘ఊరికి’ అంటాం, ఎందుకంటే ‘కి’ చేరేముందే ఆ మాట ‘ఊరి’ అయిపోతుంది. ‘ఇల్లు’ అయితే ఏకంగా ‘ఇంటి’గా మారి ‘ఇంటికి’ అవుతుంది.

నాలుగో విషయం దగ్గర ఈ పత్రం పెద్దగా పనిచేయదు, ముందే చెప్తున్నాను. గడి అంటే ఇప్పుడు మీరు గుర్తు పెడుతున్న చిన్న చతురస్రం. గడ్డి అంటే పచ్చగా నేల మీద మొలిచేది. ‘ఒత్తు ఉంటే ఆ హల్లు దగ్గర నాలుక కాసేపు ఆగుతుంది’ అని చక్కగా రాయొచ్చు. అంత చక్కగా రాసినవాళ్ళే పైకి చదివేటప్పుడు రెంటినీ ఒకేలా పలకొచ్చు. ఇది చేత్తో రాసి చెప్పే విషయం కాదు, నోటితో చెప్పే విషయం. ఇంగ్లీషులో ‘బ్యాడ్ డే’ అని ఆగకుండా అనండి, మధ్యలో నాలుక ఎంతసేపు ఆగిందో గమనించండి. ‘గడ్డి’లో కూడా సుమారు అంతసేపు ఆగాలి. తర్వాత గడి, గడ్డి అన్న మాటల్ని మీకు తోచిన వరసలో పదిసార్లు ఫోన్‌లో రికార్డు చేసి, మీరు అన్న వరస విడిగా రాసిపెట్టుకోండి. ఆ రికార్డు విని ఇంట్లో ఎవరైనా ఏది ఏదో రాయాలి. వాళ్ళ జాబితా, మీ జాబితా పదికి పది కలిస్తే టిక్కు. మూడు నాలుగు తేడా వస్తే ప్రశ్న గుర్తు, మీ వాక్యాలు ఎంత బాగున్నా సరే.

గుర్తులన్నీ పెట్టడం అయ్యాక రివిజన్ ఎలా చేయాలో చెప్తాను. టిక్కు పడినవాటిని వదిలేయండి. ప్రశ్న గుర్తు ఉన్నవాటికే పని. ప్రతి ప్రశ్న గుర్తు పక్కన ఆ రోజు తేదీ వేయండి. దాని కింద రాసుకున్న ప్రశ్నకి జవాబు వెతకండి, పాఠంలో కానీ, ఇంట్లో అడిగి కానీ. జవాబు దొరికిన వెంటనే మళ్ళీ రాయకండి. అప్పుడు రాస్తే అప్పుడే విన్నది రాస్తారు. రెండు రోజులు ఆగి, పాత వాక్యాల మీద ఒక కాగితం కప్పి, కొత్తగా మూడు వాక్యాలు రాయండి. తర్వాత కాగితం తీసి రెంటినీ పోల్చండి. కొత్త ఉదాహరణ వచ్చి, మూడో వాక్యం గీత నిండితే పైకి చదివి వినిపించి టిక్కు పెట్టుకోవచ్చు. పాత వాక్యాలే మాట మాటా తిరిగొస్తే అప్పజెప్పారని అర్థం, ప్రశ్న గుర్తు అలాగే ఉంచండి. రెండుసార్లు రాసినా అది పోకపోతే మీరొక్కరే దానితో కుస్తీ పట్టొద్దు, వచ్చే క్లాసులో మొదటి ప్రశ్నగా టీచర్‌ని అడగండి.

టిక్కు పడ్డాక కూడా నోరు జారుతుంది. పత్రంలో ‘అమ్మమ్మకి ఫోన్‌లో మేము అంటాను’ అని రాసిన అబ్బాయే వారం తర్వాత ఫోన్ చేసి ‘అమ్మమ్మా, మనం కొత్త కారు కొన్నాం’ అంటాడు. రాసేటప్పుడు ఆలోచించడానికి టైమ్ ఉంటుంది, మాట్లాడేటప్పుడు ఉండదు. అలా జారినప్పుడు ఎవరో సరిచేయడం కాకుండా మీకే చటుక్కున తెలిసి ‘కాదు కాదు, మేం కొన్నాం’ అని సర్దుకుంటే టిక్కు ఉంచేయండి. మీకు తెలియకుండానే మాట వెళ్ళిపోయి, అమ్మమ్మ నవ్వితే తప్ప గమనించకపోతే, టిక్కు కొట్టేసి మళ్ళీ ప్రశ్న గుర్తు పెట్టండి.

పత్రం అడుగున ఐదో వరస ఖాళీగా ఉంది. దానికి పాఠం లేదు, మీరే కనిపెట్టాలి. ఈ కింద ఉన్న వాక్యాలు ఇంట్లో ఎవరికైనా చదివి, వాటిలో వాళ్ళు అననివి ఏవో అడగండి. తర్వాత మీ మూడు వాక్యాలు రాసి, గడిలో గుర్తు పెట్టండి.

మా ఇంట్లో ఇద్దరు పిల్లలు ఉన్నారు.
మా ఇంట్లో రెండు పిల్లలు ఉన్నారు.
మా ఇంట్లో రెండు పిల్లులు ఉన్నాయి.
మా ఇంట్లో ఇద్దరు పిల్లులు ఉన్నాయి.